రాజీనామా వెనకున్న రాత్రి డ్యూటీ

ఉద్యోగం మానేస్తున్న నర్సు చివరి రోజు హెచ్‌.ఆర్‌. గదికి వెళ్తుంది. ఐడీ కార్డు, లాకరు తాళం అప్పగిస్తుంది. నో డ్యూస్ కాగితం మీద స్టోర్స్, ఫార్మసీ, అకౌంట్స్ వాళ్ల సంతకాలు పూర్తయ్యాక ఇంకో కాగితం ఆమె ముందుకొస్తుంది. ‘ఎందుకు మానేస్తున్నారు?’ అనే ప్రశ్న, కింద నాలుగు గళ్లు: మంచి అవకాశం, కుటుంబ కారణాలు, పై చదువులు, ఇతరాలు. ఆమె ‘కుటుంబ కారణాలు’ దగ్గర టిక్కు పెట్టి లేచి వెళ్లిపోతుంది. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇంకా చేతికి రాలేదు. ఆఖరి నెల జీతం రావాలి. కొత్త ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసి ఆరా తీస్తే జవాబు చెప్పేది ఇక్కడివాళ్లే. అలాంటి రోజున ఎవరి మీదైనా ఫిర్యాదు రాసేంత ధైర్యం ఎవరికుంటుంది?

చాలా సంస్థల్లో ఎగ్జిట్ ఇంటర్వ్యూ అంటే ఇదే. ఏడాది చివర ఆ కాగితాలన్నీ లెక్కపెట్టి, ‘ఎక్కువమంది జీతం కోసమే వెళ్లారు’ అని తేలుస్తారు. ఆ లెక్కను ఎంతవరకు నమ్మాలో చెప్పే పాత అధ్యయనం ఒకటుంది. 1985లో జరాండోనా, కాముసో అనే పరిశోధకులు మానేసినవాళ్లను వెళ్లే రోజున ఒకసారి, ఏడాదిన్నర తర్వాత మరోసారి కారణం అడిగారు. వెళ్లే రోజున జీతభత్యాలే కారణమన్నవాళ్లు 38 శాతం, పై అధికారి తీరు కారణమన్నవాళ్లు 4 శాతం. ఏడాదిన్నర గడిచాక జీతం మాట 12 శాతానికి తగ్గింది. పై అధికారి మాట 24 శాతానికి పెరిగింది. మనుషులు వాళ్లే, ఉద్యోగమూ అదే. భయం పోయాక జవాబు మారింది.

అడిగే తీరు మార్చుకుంటే ఏడాదిన్నర ఆగకుండానే ఆ రెండో జవాబుకు దగ్గరగా వెళ్లొచ్చు. దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక జిల్లా కేంద్రంలో 150 పడకల ప్రైవేటు ఆసుపత్రి ఉందనుకోండి. సగటున 120 మంది నర్సులు పనిచేస్తున్నారు. ఏడాదిలో 36 మంది మానేశారు. అంటే నూటికి 30 మంది. ఆసుపత్రి, అంకెలు ఊహించినవే. ఇలాంటి ఇబ్బంది మాత్రం నర్సింగ్‌లో ఉన్నవాళ్లకు కొత్త కాదు.

ఎందుకు కాదు, ఎప్పుడు

మొదట మార్చాల్సింది రోజు. నో డ్యూస్ సంతకాల రోజున మాట్లాడకూడదు. రాజీనామా ఇచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లో మనసు వేడిగా ఉంటుంది, చివరి రోజున మనసు ఇక్కడ ఉండదు. నోటీసు పీరియడ్ సగం దాటాక, ఆఖరి వారానికి ముందు కూర్చోవడం మేలు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఫలానా తేదీకి ఇస్తామని, ఈ సంభాషణకూ దానికీ సంబంధం లేదని ముందే చెప్పాలి. వీలైతే లెటర్ ఆ రోజే చేతికివ్వాలి.

రెండోది, అడిగే మనిషి. వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ అడగకూడదు, ఎందుకంటే కారణం ఆవిడే కావచ్చు. రోస్టర్ వేసే నర్సింగ్ సూపరింటెండెంటూ అడగకూడదు. పని తెలిసినవాళ్లు, కానీ ఆమె పైన అధికారం లేనివాళ్లు కావాలి. నర్సుల శిక్షణ చూసే సీనియర్ సిస్టర్ లాంటివాళ్లు దీనికి సరిపోతారు.

మూడోది ప్రశ్న. ‘ఎందుకు’ అంటే మనిషి తనను తాను సమర్థించుకునే జవాబు వెతుక్కుంటుంది. ‘ఎప్పుడు’ అంటే జరిగింది గుర్తు చేసుకుంటుంది. మన ఆసుపత్రిలో ఆ సంభాషణ ఇలా సాగిందనుకోండి:

“మానేయాలన్న ఆలోచన మొదటిసారి ఎప్పుడొచ్చిందమ్మా?”

“భోగి రోజు, మేడమ్.”

“ఆ రోజు ఏమైంది?”

“ముందురోజు రాత్రి క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ చేశాను. పొద్దున ఎనిమిదింటికి నన్ను రిలీవ్ చెయ్యాల్సిన సిస్టర్ రాలేదు. మధ్యాహ్నం దాకా ఉండమన్నారు. రెండింటికి బయటపడేసరికి మా ఊరి బస్సు వెళ్లిపోయింది.”

“అంతకుముందు కూడా అలా అయిందా?”

“మూడుసార్లు. అప్పుడు సర్దుకున్నాను. ఆ రోజు మాత్రం ఇంట్లో నాన్న, ఇంక చాల్లే, వచ్చెయ్ అన్నారు.”

ఈమె కూడా కాగితం మీద ‘కుటుంబ కారణాలు’ అనే రాస్తుంది. అది అబద్ధం కాదు, రమ్మన్నది తండ్రే. కానీ ఆ గడిలోని టిక్కు చూసి ఆసుపత్రి చేయగలిగింది ఏమీ లేదు. భోగి రోజు పొద్దున ఎనిమిదింటికి ఏం జరిగిందో తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది.

అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ లీ, టెరెన్స్ మిచెల్ 1994లో ప్రతిపాదించిన సిద్ధాంతం సరిగ్గా ఈ క్షణం గురించే. రాజీనామాలన్నీ కొద్దికొద్దిగా పేరుకున్న అసంతృప్తితోనే రావని, చాలాసార్లు మనిషిని కుదిపి ‘ఇక్కడ ఉండాలా?’ అని ఆలోచింపజేసే ఒక సంఘటనతో మొదలవుతాయని వాళ్లు అన్నారు. దానికి ‘షాక్’ అని పేరు పెట్టారు. ఉద్యోగం వదిలిన నర్సులతో మాట్లాడి కూడా ఈ ఆలోచనను పరీక్షించారు. షాక్ అంటే చెడే కానక్కర్లేదు. గల్ఫ్ నుంచి వచ్చిన ఆఫరు, ప్రభుత్వ నోటిఫికేషన్, కుదిరిన పెళ్లి కూడా షాకులే.

ఆ క్షణం తెలిశాక మరో రెండు ప్రశ్నలు చాలు. ‘మానేయాలనుకున్నాక ఎవరితోనైనా చెప్పారా? ఏమన్నారు?’ అన్నది ఒకటి. ‘ఏది మారి ఉంటే ఇంకో ఏడాది ఉండేవారు?’ అన్నది రెండోది. జవాబులు ఆమె మాటల్లోనే రాసుకోవాలి. ‘పని ఒత్తిడి’ అని కుదించి రాస్తే భోగి పండగా, పోయిన బస్సూ రెండూ మాయమవుతాయి.

గోప్యత గురించి మాట ఇచ్చేటప్పుడు జాగ్రత్త అవసరం. పేరు బయటికి రాదని చెప్పవచ్చు. కానీ లైంగిక వేధింపు లాంటి విషయం వస్తే దాచిపెడతామని మాత్రం చెప్పకూడదు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా దానికి అంతర్గత కమిటీ ఉండాలి. అక్కడికి వెళ్లే దారి ఆమెకు చెప్పాలి. ఈ సంగతి సంభాషణ మొదలు కాకముందే వివరించడం న్యాయం.

మాటల నుంచి లెక్కకు

36 సంభాషణలు 36 కథలుగా ఉండిపోతే వాటిలో గట్టిగా చెప్పిందే గుర్తుంటుంది. అందుకే ప్రతి కథకూ గుర్తులు పెట్టాలి: కుదిపిన సంఘటన ఏమిటి, అంతకుముందు నుంచి నలిగిన కారణాలేమిటి, ఆసుపత్రి చేతిలో ఉన్నదా లేనిదా. ఇక్కడ గుర్తులు మరీ పెద్దవైతే ప్రయోజనం ఉండదు. ‘జీతం’ అనే ఒక్క గుర్తు కిందికి మూడు వేర్వేరు సంగతులు వస్తాయి. జీతం తక్కువ కావడం ఒకటి, ఆలస్యంగా రావడం ఇంకొకటి, నిన్న చేరినవాళ్లకు నాలుగేళ్ల సిస్టర్ కంటే ఎక్కువ ఇవ్వడం మరొకటి. ఒక్కోదానికి మందు వేరు. మొదటి పది సంభాషణలకు ఇద్దరు విడివిడిగా గుర్తులు పెట్టి పోల్చి చూసుకోవాలి. ఒకరు ‘రోస్టర్’ అన్నచోట ఇంకొకరు ‘ఇన్‌ఛార్జి తీరు’ అన్నారంటే ఆ గుర్తుకు అర్థం ఇంకా తేలలేదన్నమాట.

తర్వాత వార్డుల వారీగా చూడాలి. అందరూ పొరబడేది ఇక్కడే. మన ఆసుపత్రిలో జనరల్ వార్డుల నుంచి 11 మంది, క్యాజువాలిటీ నుంచి 10 మంది, ఐసీయూ నుంచి 9 మంది, ఆపరేషన్ థియేటర్, మిగతా విభాగాల నుంచి 6 మంది వెళ్లారు. ఈ వరస చూస్తే తప్పంతా జనరల్ వార్డులదే అనిపిస్తుంది. కానీ ఎంతమందిలో అన్నది అడగాలి. జనరల్ వార్డుల్లో 50 మందిలో 11 మంది, అంటే నూటికి 22. ఐసీయూలో 30 మందిలో 9, నూటికి 30. మిగతా విభాగాల్లో 24 మందిలో 6, నూటికి 25. క్యాజువాలిటీలో ఉన్నదే 16 మంది. వాళ్లలో 10 మంది వెళ్లారంటే నూటికి 62 పైమాటే.

ఆ పదిమందిలో ఏడుగురు చేరిన మూడో నెలకూ ఆరో నెలకూ మధ్య మానేశారు. ఆరుగురు చెప్పిన ‘మొదటి క్షణం’ నైట్ డ్యూటీ తర్వాత రిలీవర్ రాక ఉదయం కూడా ఆగిపోయిన రోజే. మొదటి మూడు నెలలు సీనియర్ల పక్కన పనిచేసి, నాలుగో నెలలో పూర్తి నైట్ రోస్టర్‌లోకి వచ్చిన పిల్లలు వీళ్లు. నమూనా అంటే ఇదే: ఎక్కడ, ఏ దశలో, ఏ సంఘటన తర్వాత అన్న మూడూ ఒకచోట కలవడం.

వెళ్లినవాళ్ల మాటే చాలదు

ఇంతటితో నిర్ణయం తీసుకుంటే అది సగం తెలిసి తీసుకున్న నిర్ణయమే. డబుల్ డ్యూటీలు ఉండిపోయిన సిస్టర్లకు కూడా అన్నే పడి ఉంటే, వెళ్లడానికి అవే కారణమని ఎలా చెప్పగలం? అందుకే రోస్టర్ రిజిస్టరు తీయాలి. మూడు నెలల్లో ఎన్నిసార్లు నైట్ తర్వాత ఉదయం ఆపారు, ఎవరిని ఆపారు అని లెక్కపెట్టాలి. మన ఆసుపత్రిలో అలాంటివి 41 తేలాయి. వాటిలో 33 సార్లు ఆగింది ఆరు నెలల లోపువాళ్లే. ఇన్‌ఛార్జి కావాలని చేసింది కాదది. సీనియర్లు ఆగమని గట్టిగా అంటారు, కొత్తవాళ్లు అనలేరు, భారం అటే జారింది. ఉన్న సిస్టర్లనూ కూర్చోబెట్టి ‘మానేయాలని ఎప్పుడైనా అనిపించిందా, ఎందుకు ఆగారు?’ అని అడిగితే ఇదే సంగతి ఇంకోవైపు నుంచి తెలుస్తుంది.

36 కాగితాల మీది టిక్కులు నమ్మి ఉంటే ఆసుపత్రి అందరికీ నెలకు వెయ్యి రూపాయలు పెంచేది. 120 మందికి ఏడాదికి 14 లక్షల 40 వేలు ఖర్చయ్యేది. భోగి రోజు పొద్దున ఎనిమిదింటికి మాత్రం రిలీవర్ వచ్చేది కాదు. ఇప్పుడు చేయాల్సింది వేరు: క్యాజువాలిటీ ఉదయం షిఫ్టుకు ఒక స్టాండ్‌బై సిస్టర్‌ను రోస్టర్‌లోనే పెట్టడం, నైట్ చేసినవాళ్లను తొమ్మిది దాటి ఆపాలంటే సూపరింటెండెంట్ సంతకం ఉండాలనడం, దీనికి ఒకరిని బాధ్యులుగా, ఒక తేదీని గడువుగా పెట్టడం.

ఫలితం చూడటానికి ఏడాది చివరిదాకా ఆగనక్కర్లేదు. ఆగితే పొరబడే ప్రమాదమూ ఉంది. పదహారు మంది ఉన్నచోట పదిమందికి బదులు ఏడుగురు వెళ్లినా అది యాదృచ్ఛికం కావచ్చు. డబుల్ డ్యూటీల లెక్క మాత్రం నెలనెలా రిజిస్టరులో కనిపిస్తుంది. 41 నాలుగైదుకు దిగిందా? కొత్తగా చేరినవాళ్లలో ఎంతమంది ఆరో నెల దాటారు? మొదటిది తగ్గినా రెండోది కదలకపోతే మనం కనుక్కున్న కారణం సరైనది కాదు. మళ్లీ ఆ కథల దగ్గరికే వెళ్లాలి.

నివేదిక రాసేటప్పుడు ఒక నియమం తప్పనిసరి. ఐదుగురి కంటే తక్కువమంది ఉన్న గుంపు గురించి విడిగా రాయకూడదు. ‘ఆపరేషన్ థియేటర్ నుంచి వెళ్లిన ఒక సిస్టర్’ అని రాస్తే పేరు రాసినట్టే. భోగి రోజు బస్సు తప్పిన సంగతి కూడా నివేదికలోకి అలాగే ఎక్కకూడదు. అడిగిన మేడమ్ దగ్గర ఆ మాట భద్రంగా ఉండాలి, రోస్టర్ మాత్రం మారాలి. ఆ తర్వాత రాజీనామా ఇచ్చే సిస్టర్ ఈ రెండూ చూసే నోరు విప్పుతుంది.