ట్రంపెట్‌లో ఆ మూడున్నర సెంటీమీటర్లు

గొట్టం ఎంత పొడవైతే స్వరం అంత కిందికి దిగుతుంది. ట్రాంబోన్‌లో ఆ పొడవును పెంచేది ముందుకు జరిగే స్లైడ్. దానికి ఏడు స్థానాలు. ఒక్కో స్థానానికి స్వరం అర మెట్టు తగ్గుతుంది.

అర మెట్టు తగ్గాలంటే అప్పటికున్న పొడవు దాదాపు 6 శాతం పెరగాలి. అందుకే స్థానాల మధ్య దూరం సమానంగా ఉండదు. మొదటి నుంచి రెండో స్థానానికి సుమారు 8 సెంటీమీటర్లయితే, ఆరు నుంచి ఏడుకు దాదాపు 11. స్లైడ్‌పై గీతలుండవు, చెవే కొలబద్ద.

ట్రంపెట్‌కు ఈ వెసులుబాటు లేదు. దాని మూల గొట్టం సుమారు 148 సెంటీమీటర్లు. రెండో వాల్వ్ నొక్కితే దాదాపు 9 సెంటీమీటర్లు కలిసి అర మెట్టు, మొదటిది 18 కలిపి ఒక మెట్టు, మూడోది 28 కలిపి మెట్టున్నర దిగుతాయి.

చిక్కు జంటగా నొక్కినప్పుడు వస్తుంది. మొదటిది, మూడోది కలిస్తే రెండున్నర మెట్లు దిగాలి. అందుకు 49.5 సెంటీమీటర్లు కావాలి, వచ్చేవి 46. ఆ మూడున్నర తగ్గినందుకు స్వరం పైకి జారి, పక్కవాళ్లతో కలవక కీచుమంటుంది. మూడూ నొక్కితే లోటు 6 సెంటీమీటర్లు.

అందుకే మూడో వాల్వ్ గొట్టానికి చిన్న స్లైడ్, ఉంగరం అమర్చారు. వాయించేవారు ఎడమచేతి ఉంగరపు వేలితో దాన్ని బయటికి తోసి, ఆ లోటును అప్పటికప్పుడు పూడుస్తారు.