దద్దుర్లతో పాటు గొంతు మారితే

మా బావ రొయ్యలు తిని పెరిగిన మనిషి. భీమవరం దగ్గర ఊరు, ఇంటి చుట్టూ చెరువులే. 46 ఏళ్లలో రొయ్య తనకు పడలేదని ఆయన ఏనాడూ అనలేదు. పోయినేడాది ఒక పెళ్లి భోజనంలో రొయ్యల వేపుడుతో తృప్తిగా తిని, మోకాలి నొప్పికని జేబులోని మాత్ర ఒకటి వేసుకుని, పందిట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇరవై నిమిషాలు కాలేదు, అరచేతులు, అరికాళ్లు ఒకటే దురద. గోక్కుంటూ ఉండగానే మెడ మీద, నడుం చుట్టూ ఎర్రగా, ఉబ్బెత్తుగా దద్దుర్లు లేచాయి.

పందిట్లో తలా ఒక మాట. పైత్యం చేసిందన్నారు ఒకరు. గొంగళి కప్పమన్నారు ఇంకొకరు. ఎవరో అవిల్ మాత్ర తెచ్చి మింగించారు. కాసేపట్లో తగ్గుతుందిలే అని అందరం అనుకున్నాం. దద్దుర్లు చాలాసార్లు అలా వాటంతటవే తగ్గిపోతాయి కూడా. ఐదు నిమిషాలకు బావ రెండుసార్లు వాంతి చేసుకున్నారు. “గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది” అన్నారు. ఆ మాట ఆయన గొంతులా లేదు, బొంగురుగా వచ్చింది. మా అక్క అందరికంటే ముందు గుర్తుపట్టింది. “గొంతు మారిందేంటండీ?” అంది. ఆ ప్రశ్న ఆయన ప్రాణం కాపాడింది.

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే దద్దురు ఎలా లేస్తుందో చూడాలి. మన చర్మం కింద మాస్ట్ కణాలనేవి ఉంటాయి. వాటి నిండా హిస్టమిన్ లాంటి రసాయనాల పొట్లాలుంటాయి. ఒంటికి పడనిదేదో రక్తంలోకి వచ్చినప్పుడు ఈ కణాలు ఆ పొట్లాలు విప్పేస్తాయి. దాంతో దగ్గరలోని సన్నటి రక్తనాళాలు సాగి, వాటిలోని నీరు చుట్టూ ఊరుతుంది. చర్మంలో ఊరిన ఆ నీరే దద్దురు. ఒక్కో దద్దురు మామూలుగా 24 గంటల లోపే మచ్చ లేకుండా మాయమవుతుంది, ఇంకో చోట ఇంకోటి లేస్తుంది. ఒకే దద్దురు అదే చోట రోజుకు మించి ఉండి, కమిలిన మచ్చ మిగిల్చి పోతే అది వేరే జబ్బు కావచ్చు. దాన్ని చర్మ వైద్యులకు చూపించాలి.

మాస్ట్ కణాలు చర్మంలోనే ఉంటే భయం లేదు. గొంతులో, ఊపిరితిత్తుల గొట్టాల్లో, పేగుల్లో, గుండె దగ్గర కూడా ఉంటాయి. అవన్నీ ఒకేసారి విప్పుకుంటే గొంతు లోపల వాపు వస్తుంది, ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి, పేగులు మెలిపెడతాయి. ఒళ్లంతా రక్తనాళాలు కారడం మొదలై, కొన్ని నిమిషాల్లోనే రక్తంలోని ద్రవంలో మూడో వంతు దాకా బయటికి పోవచ్చు. బీపీ కుప్పకూలుతుంది. దీన్నే అనఫిలాక్సిస్ అంటారు.

కాబట్టి దద్దుర్లు ఎంత పెద్దవి, ఎన్ని చోట్ల లేచాయి అని లెక్కపెడుతూ కూర్చోవద్దు. చర్మం కాకుండా ఇంకేం మారిందో చూడండి. గొంతు బొంగురుపోయిందా? మింగడం కష్టంగా ఉందా? నాలుక మందంగా అయిందా? ఊపిరి తీస్తే పిల్లికూతలు వినిపిస్తున్నాయా, ఆగని దగ్గు ఉందా? కళ్లు తిరుగుతున్నాయా, చెమటలు పట్టి మనిషి పాలిపోయాడా? తిన్న కాసేపటికే మళ్లీ మళ్లీ వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి ఉన్నాయా? దద్దుర్లతో పాటు వీటిలో ఒక్కటి కనిపించినా అది అత్యవసరమే. చంటిపిల్లలు గొంతు పట్టేసిందని చెప్పలేరు. ఏడుపు స్వరం మారుతుంది, చొంగ కారుతుంది, ఉన్నట్టుండి మెత్తగా వాలిపోతారు. కొందరు రోగులు “నాకేదో అయిపోతోంది, చచ్చిపోతానేమో” అంటారు. దాన్ని కంగారు అని కొట్టిపారేయకండి. బీపీ పడిపోయే ముందు ఒళ్లే అలా చెబుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పదిమందిలో ఒకరిద్దరికి అసలు దద్దుర్లే రావు. పడని మందు ఇంజెక్షన్ చేయించుకున్న కొద్ది నిమిషాలకు మనిషి కళ్లు తేలేస్తే, ఒంటి మీద మచ్చలు లేవు కాబట్టి అలర్జీ కాదనుకోకూడదు.

మళ్లీ పందిట్లోకి వద్దాం. కారు గేటు బయట ఉంది. “లేవండి బావగారూ, నాలుగడుగులు వేయండి” అంటూ మేమిద్దరం చెరో రెక్కా పట్టుకుని లేపాం. రెండడుగులు వేశారో లేదో కాళ్లు వంగి మా చేతుల్లోనే ఒరిగిపోయారు. ఇప్పటికీ నన్ను కలవరపెట్టే తప్పు అది. రక్తనాళాలు సాగి కారుతున్నప్పుడు నిలబెడితే ఉన్న కాస్త రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, గుండెకు తిరిగి వచ్చేది ఏమీ మిగలదు. అలా నిలబెట్టిన క్షణంలోనే ప్రాణాలు పోయిన సందర్భాలు వైద్యులకు తెలుసు. మనిషిని పడుకోబెట్టాలి, కాళ్ల కింద దిండో సంచో పెట్టి ఎత్తు చేయాలి. ఆయాసంతో పడుకోలేకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టాలి. స్పృహ తప్పినా, వాంతులవుతున్నా, గర్భిణి అయినా పక్కకు, వీలైతే ఎడమ పక్కకు తిప్పాలి. 108కి ఫోన్ చేసి అలర్జీ అని, ఊపిరాడటం లేదని మొదటి వాక్యంలోనే చెప్పాలి. కారులోకి ఎక్కించాల్సి వస్తే నడిపించకుండా ఎత్తుకుని వెళ్లి పడుకోబెట్టాలి.

మా అదృష్టం, ఆసుపత్రి రెండు వీధుల అవతలే ఉంది. డ్యూటీలో ఉన్న అమ్మాయి బీపీ చూసింది, పైది 70. ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా అడ్రినలిన్ అర మిల్లీలీటరు తొడ బయటి వైపు కండలోకి ఇచ్చింది. ఐదు నిమిషాలకు బీపీ పెద్దగా లేవకపోయేసరికి రెండోసారి ఇచ్చి, సెలైన్ వేగంగా ఎక్కించింది. అప్పుడు బావ కళ్లు తెరిచారు.

చాలా చోట్ల మొదట అవిల్, ఆ తర్వాత స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి గమనిస్తామంటారు. అనఫిలాక్సిస్‌లో ఇది తలకిందుల వరుస. అవిల్, సెట్రిజిన్ లాంటి మందులు దురదను, దద్దుర్లను తగ్గిస్తాయి, అంతే. గొంతు వాపును ఆపలేవు, పడిపోయిన బీపీని లేపలేవు. స్టెరాయిడ్ పని మొదలుపెట్టేసరికి గంటలు పడుతుంది. అడ్రినలిన్ ఒక్కటే నిమిషాల్లో రక్తనాళాలను బిగిస్తుంది, ఊపిరి గొట్టాలను తెరుస్తుంది, మాస్ట్ కణాలు ఇంకా పొట్లాలు విప్పకుండా అడ్డుకుంటుంది. పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాములు, పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, తొడ కండలోకి. రోగి బంధువులుగా మీరు అడగాల్సిన ప్రశ్న ఇదే: “డాక్టరు గారూ, అడ్రినలిన్ ఇచ్చారా?” అడిగితే డాక్టరు ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు.

రెండు గంటల్లో దద్దుర్లు పూర్తిగా పోయాయి. బావ ఇంటికి పోదామన్నారు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. కొందరికి మొదటి దాడి తగ్గాక, పడని వస్తువు మళ్లీ తగలకపోయినా, కొన్ని గంటల తర్వాత రెండోసారి వస్తుంది. రెండు డోసులు పట్టినవాళ్లలో ఆ భయం ఇంకాస్త ఎక్కువ. ఆ రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచింది.

తెల్లారేసరికి బంధువులంతా తీర్పు చెప్పేశారు. రొయ్యలే కారణం, ఇక జన్మలో ముట్టుకోకూడదని. రొయ్యలు అలర్జీ తెచ్చే ఆహారాల్లో ముందుంటాయన్నది నిజమే. వేరుశనగ, జీడిపప్పు, గుడ్డు, పాలు, చేపలు కూడా ఆ జాబితాలోవే. కానీ ఆ పూట బావ కడుపులోకి వెళ్లింది రొయ్యలొక్కటే కాదు కదా. మోకాలి నొప్పికి వేసుకున్న మాత్ర డైక్లోఫెనాక్.

“అది ఎన్నోసార్లు వాడాను, ఏమీ కాలేదు” అన్నారు బావ. అలర్జీ నిపుణుడు తల అడ్డంగా ఊపారు. చాలా మందుల అలర్జీ మొదటిసారికి రాదట. ముందు వాడినప్పుడు ఒళ్లు ఆ మందును శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది, తర్వాతి సారి దాడి చేస్తుంది. ఆయన తరచి అడిగితే అక్కకు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట నడుం నొప్పికి ఇంజెక్షన్ చేయించుకున్న రోజు కూడా అరచేతులు దురద పెట్టి, కనురెప్పలు వాచాయి. ఆ రోజు నింద వంకాయ కూర మీద పడింది.

ఆరు వారాలాగి పరీక్షలు చేశారు. దాడి జరిగిన వెంటనే చేస్తే కణాల్లో సరుకు ఖాళీ అయిపోయి ఉంటుంది కాబట్టి ఫలితం తప్పుగా రావచ్చు. రొయ్యకు చర్మ పరీక్షలో ఏమీ రాలేదు. తర్వాత ఆసుపత్రిలోనే, పక్కన అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని, చిన్న ముక్కతో మొదలుపెట్టి పెంచుతూ రొయ్యలు తినిపించారు. ఏమీ కాలేదు. అలాగే మరో రోజు ఆస్పిరిన్ కొద్దికొద్దిగా ఇచ్చి చూశారు. అదీ పడింది. ఇది అడగకుండా వదిలేసే ప్రశ్న కాదు. కొందరికి నొప్పి మాత్రల కుటుంబం మొత్తం పడదు, కొందరికి ఒక్కటే పడదు. రేపు గుండెపోటు వస్తే ఆస్పిరిన్ ఇవ్వొచ్చో లేదో ముందే తెలిసి ఉండాలి. అనుమానం మిగిలింది డైక్లోఫెనాక్ ఒక్కదాని మీదే. దానికి అతి దగ్గరి చుట్టమైన ఎసిక్లోఫెనాక్‌ను కూడా మానేయమన్నారు. ఈ పరీక్షలు ఇంట్లో సొంతంగా చేసుకునేవి కావు.

దీనికి తిరకాసు కథ కూడా ఉంది. పిల్లలకు జ్వరం వచ్చి, అమాక్సిసిలిన్ వేశాక దద్దుర్లు వస్తే అందరూ మందును తిడతారు. చాలాసార్లు ఆ దద్దుర్లు వైరస్ జ్వరం వల్ల వచ్చినవే. పెన్సిలిన్ పడదని చీటీ మీద ఒకసారి రాస్తే జీవితాంతం ఆ ముద్ర పోదు, అవసరమైన రోజున మంచి మందు దొరకదు. అందుకే నిపుణుడితో తేల్చుకోవాలి. తేలేదాకా మాత్రం ఆ మందు ముట్టుకోకూడదు.

మరి దద్దుర్లు ఒక్కటే ఉండి, గొంతు, ఊపిరి, బీపీ, కడుపు బాగుంటే? అనుమానం ఉన్న మందును ఆపి, డాక్టరు చెప్పిన సెట్రిజిన్ లాంటిది వేసుకుని, కనీసం ఒకటి రెండు గంటలు మనిషిని ఒంటరిగా వదలకుండా చూస్తూ ఉండాలి. స్నానాల గదిలో గడియ వేసుకోనివ్వకండి, ఒక్కరినే బండి మీద పంపకండి. ఏం తిన్నారు, ఏ మందు వేసుకున్నారు, ఎన్నింటికి, ఎన్ని నిమిషాలకు దురద మొదలైంది అన్నది రాసి పెట్టండి. దద్దుర్లను ఫోన్‌లో ఫొటో తీయండి, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి అవి ఉండవు.

బావ పర్సులో ఇప్పుడొక చిన్న కార్డు ఉంది. ఒక వైపు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ ఇవ్వకూడదని, ఇంకో వైపు ఆస్పిరిన్ పడుతుందని రాసి ఉంది. కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరే రాయించుకున్నారు, ఎందుకంటే పది పేర్లతో వచ్చే కలగలుపు మాత్రల్లో అదే మందు దాగి ఉంటుంది. మందుల షాపులో ఏ నొప్పి మాత్ర ఇచ్చినా కళ్లజోడు పెట్టుకుని అట్ట వెనక చిన్న అక్షరాలు మొత్తం చదువుతారు. మొన్న సంక్రాంతికి వెళ్తే రొయ్యల వేపుడు ఆయనే వండి పెట్టారు.