అశ్వత్థామ కూడా చిరంజీవియే

పిల్లలారా! పిస్కాటవేలోని మీ ఇంటికి తెలుగు పెండ్లి శుభలేఖ వచ్చినప్పుడు, వరుని పేరుకు ముందున్న 'చి.' అనే అక్షరాన్ని గమనించండి. అది 'చిరంజీవి'కి సంక్షిప్త రూపం. చిరకాలం జీవించేవాడని దాని అర్థం.

అటువంటివారు ఏడుగురు నేటికీ ఉన్నారని మన సంప్రదాయం చెబుతుంది. రామకథ లోకంలో వినిపించినంత కాలం జీవించాలని కోరిన హనుమంతుడు భక్తికి గుర్తు. ఆపదలోనూ తన బుద్ధి ధర్మాన్ని విడువరాదని విభీషణుడు కోరగా, బ్రహ్మ మెచ్చి అమరత్వాన్ని కూడా ఇచ్చాడు. వామనునికిచ్చిన మాట తప్పని బలి దానానికి, వేదాలను విభజించిన వ్యాసుడు జ్ఞానానికి, గెలిచిన భూమిని కశ్యపునికిచ్చి మహేంద్రగిరి చేరిన పరశురాముడు తపస్సుకు గుర్తులు.

అశ్వత్థామకు మాత్రం దీర్ఘాయువు వరం కాదు, శాపం. అతడు నిద్రిస్తున్న ద్రౌపది కుమారులను చంపాడు. ఉత్తర గర్భంలోని శిశువుపై కూడా అస్త్రం ప్రయోగించాడు. అందుకు 3000 సంవత్సరాలు వ్యాధులతో, పలకరించేవారు లేక తిరగమని కృష్ణుడు శపించాడు.

ఏడవవాడైన కృపుడు అశ్వత్థామకు మేనమామ. ఆ రాత్రి మొదట వారించాడు, చివరకు తానూ వెంట వెళ్ళాడు. అయితే ఆ శిశువు, పరీక్షిత్తు, బ్రతికాడు. అతనికి విలువిద్య నేర్పిన గురువు కృపుడే. అందుచేత కృపుడు విద్యకు, అశ్వత్థామ అదుపులేని కోపానికి గుర్తులయ్యారు.

ఇప్పుడు చెప్పండి: హనుమంతుని ఆయువుకూ అశ్వత్థామ ఆయువుకూ భేదమేమిటి?