తెరిచి ఒకసారి, మూసి ఒకసారి

టెలిఫోన్ లైన్, ఆడియో ఫిల్టర్ వంటివాటికి సిగ్నల్ వెళ్లే తీగల జత ఒకవైపు, బయటికి వచ్చే జత మరోవైపు ఉంటాయి. ఒక్కో జతను పోర్ట్ అంటారు. అలాంటి రెండు జతలున్న సర్క్యూటే టూ-పోర్ట్ నెట్‌వర్క్. లోపల భాగాలెన్ని ఉన్నా, అవి లీనియర్‌గా ఉండి, బ్యాటరీ వంటి స్వతంత్ర మూలమేదీ లేకపోతే, ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర దాని ప్రవర్తనను సాధారణంగా నాలుగు సంఖ్యలతో చెప్పేయవచ్చు. ఇంపెడెన్స్ పారామీటర్లు ఇలా ఉంటాయి:

V1 = z11 I1 + z12 I2
V2 = z21 I1 + z22 I2

రెండు కరెంట్లనూ లోపలికి ప్రవహిస్తున్నట్టే లెక్కిస్తాం. I2 సున్నా అయితే, అంటే రెండో పోర్ట్‌ను తెరిచి వదిలేస్తే, z11, z21 నేరుగా బయటపడతాయి.

T ఆకారంలో మూడు రెసిస్టర్లు తీసుకుందాం. ఎడమ చేయి 4 ఓమ్‌లు, కుడి చేయి 6, మధ్యలో నిలువుగా దిగేది 12. కుడివైపు తెరిచి ఉంచి ఎడమ నుంచి 1 ఆంపియర్ పంపితే అది 4, 12 గుండా వెళ్తుంది. V1 16 వోల్టులు. 6 ఓమ్‌లలో కరెంటే లేదు కాబట్టి అక్కడ వోల్టేజీ పడిపోదు, V2 12 వోల్టులే. కనుక z11 = 16, z21 = 12. కుడి నుంచి పంపి చూస్తే z22 = 18, z12 = 12. ఈ రెండు 12లు కలవడం యాదృచ్ఛికం కాదు. రెసిస్టర్లు, కాయిల్స్, కెపాసిటర్లు మాత్రమే ఉన్న సర్క్యూట్‌లో z12, z21 సమానం కావాలి. కాకపోతే ముందు లెక్కనే అనుమానించాలి. ట్రాన్సిస్టర్ ఉంటే మాత్రం ఈ నియమం వర్తించకపోవచ్చు.

అడ్మిటెన్స్ పారామీటర్లలో కరెంట్లను వోల్టేజీలతో చెబుతాం: I1 = y11 V1 + y12 V2, I2 = y21 V1 + y22 V2. ఇప్పుడు V2 సున్నా కావాలి. అందుకు కుడి పోర్ట్‌ను తీగతో షార్ట్ చేస్తాం. అప్పుడు 6, 12 సమాంతరమై 4 అవుతాయి. ఎడమ 4తో కలిపి మొత్తం 8. ఎడమవైపు 24 వోల్టులిస్తే 3 ఆంపియర్లు లోపలికి వస్తాయి, అందులో 2 షార్ట్ తీగ గుండా బయటికి పోతాయి. బయటికి పోతున్నాయి కాబట్టి I2 = −2. అందుకే y11 = 1/8, y21 = −1/12 సీమెన్స్. ఈ మైనస్ గుర్తును విద్యార్థులు తరచూ వదిలేస్తారు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు, y11ను 1/z11 అనుకోవడం. 1/16 ఎక్కడ, 1/8 ఎక్కడ! ఒకటి పోర్ట్ తెరిచినప్పటి కొలత, మరొకటి మూసినప్పటిది. ఒకదాని నుంచి మరొకటి రావాలంటే నాలుగు సంఖ్యలూ కావాలి: y11 = z22 / (z11 z22 − z12 z21), అంటే 18/144, అదే 1/8.

ఆ హారం సున్నా అయితే y పారామీటర్లే ఉండవు. రెండు పోర్ట్‌లకూ అడ్డంగా ఒక్క రెసిస్టరే ఉన్న సర్క్యూట్ అలాంటిది: కుడివైపు షార్ట్ చేస్తే ఎడమవైపు కూడా షార్ట్ అయిపోతుంది, ఇక అక్కడ వోల్టేజీ ఇవ్వలేం. దీనికి భిన్నంగా పై తీగలో ఒక్క రెసిస్టర్ మాత్రమే ఉంటే z పారామీటర్లు ఉండవు. కుడివైపు తెరిస్తే కరెంటుకు దారే మిగలదు.