సిస్టర్‌కి నోటు కాదు, సూపరింటెండెంట్‌కి ఉత్తరం

డిశ్చార్జి కాగితాలు చేతికొచ్చి, ఆటో గేటు దగ్గరికొచ్చాక చాలామందికి ఒకటే తోస్తుంది. మడతపెట్టిన ఐదొందల నోటు తీసి, ఎవరూ చూడకుండా నర్సు చేతిలో పెట్టడం. పెట్టేవాళ్లకు అందులో తప్పేమీ కనిపించదు. సిస్టర్ మాత్రం చెయ్యి వెనక్కి లాక్కుంటుంది.

ప్రభుత్వాసుపత్రిలో ఆమె ప్రజా సేవకురాలు. జీతం కాక రోగి దగ్గర డబ్బో విలువైన వస్తువో పుచ్చుకున్నట్టు తేలితే, మీరు ప్రేమతోనే ఇచ్చారని నిరూపించుకునే భారం ఆమె నెత్తిన పడుతుంది. అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచం పుచ్చుకున్నవారితో పాటు ఇచ్చినవారూ శిక్షార్హులే. బలవంతపెట్టి అడిగితే ఇవ్వాల్సి వచ్చినవారు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే ఆ నేరం వారికి అంటదు. కాన్పు వార్డుల్లో మగపిల్లాడైతే ఇంత, ఆడపిల్లైతే ఇంత అని వసూలు చేసేది ఈ కోవకే వస్తుంది. దాన్ని కృతజ్ఞతతో కలపకండి. తెలంగాణలో ఏసీబీ నంబరు 1064.

చట్టం మాట అటుంచినా ఇంకొకటుంది. మీరు నోటు ఇవ్వడం పక్క మంచం వాళ్లు చూస్తారు. ఇవ్వలేని ఆ కుటుంబం, తమ ముసలమ్మను ఇక సరిగా చూడరేమోనని రాత్రంతా బెంగపడుతుంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లో కూడా చాలాచోట్ల సిబ్బంది కానుకలు తీసుకోకూడదనే నియమం ఉంటుంది.

మరి ఏం చేయాలి? ఉత్తరం రాయాలి. నర్సుల మీద ఫిర్యాదులు ఫైళ్లకెక్కినంత తేలిగ్గా మెచ్చుకోళ్లు ఎక్కవు, నోటిమాటతో చెప్పింది ఆ షిఫ్టుతోనే పోతుంది. కాగితం మీద ఉంటే పై అధికారి చూస్తారు. ‘చాలా బాగా చూసుకున్నారు, దేవతలు’ అని రాస్తే మాత్రం అది ఎవరి గురించో ఎవరికీ తెలియదు. తుంటి ఎముక విరిగి, ఆపరేషనైన ఒక పెద్దాయన కొడుకు రాయదగ్గ ఉత్తరం చూడండి:

‘సూపరింటెండెంట్ గారికి, మా నాన్నగారు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆర్థో వార్డులో ఉన్నారు. ఐపీ నంబరు ఇది. రాత్రి డ్యూటీలో ఉన్న ఫలానా సిస్టర్, రెండు గంటలకోసారి ఆయన కాళ్ల మధ్య దిండు సర్ది పక్కకు ఒరిగించారు. ఎలా పట్టుకుని తిప్పాలో మా అమ్మకు కూడా నేర్పారు. ఇంటికొచ్చేనాటికి వీపు మీద ఒక్క పుండు లేదు. ఈ ఉత్తరాన్ని ఆమె సర్వీసు ఫైల్లో చేర్చాలని మనవి.’

ఇంతే. ఒక్క పేజీ చాలు. ‘ఒక్క పుండు లేదు’ అన్న మాటలో ఎంత పని ఉందో సూపరింటెండెంట్‌కి విడమరచి చెప్పనక్కర్లేదు. పేరు సరిగ్గా రావాలంటే డిశ్చార్జికి ముందే బ్యాడ్జి చూసి రాసుకోండి, లేదా హెడ్ నర్సును అడగండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకోవాలి. ఒక నకలు నర్సింగ్ సూపరింటెండెంట్‌కి కూడా ఇస్తే మంచిది. ప్రైవేటు ఆసుపత్రిలోనైతే ఫీడ్‌బ్యాక్ ఫారంలో చుక్కలు పెట్టి వదిలేయకుండా, కింద ఖాళీలో ఇదే రాయండి. వార్డు తుడిచిన ఆయమ్మ, స్ట్రెచర్ తోసిన వార్డుబాయ్ పేర్లు కూడా చేర్చారా, అలాంటి ఉత్తరాలు అరుదు.

ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాలనిపిస్తే ముందు సిస్టర్‌ని అడగండి. వెనక మంచం మీద పడుకున్న రోగి ముఖం కూడా అందులో పడుతుంది, ఆయన ఒప్పుకున్నాడా? ఆమె సొంత ఫోన్ నంబరు అడగడమూ బాగుండదు.

ఉత్త చేతుల్తో వెళ్లడం మన అలవాటు కాదు, నిజమే. స్వీట్లే ఇవ్వాలనుకుంటే వార్డు ఇన్‌ఛార్జిని అడిగి, షాపులో సీలు వేసిన డబ్బా ఒకటి, అందరికీ కలిపి నర్సింగ్ స్టేషన్‌లో ఇవ్వండి. వద్దంటే మరోసారి బతిమాలకండి. ఐసీయూకి మాత్రం తినేవీ పూలూ తీసుకెళ్లకండి. డ్యూటీ మారే వేళలో అసలు వెళ్లొద్దు, అప్పుడు ఒక షిఫ్టువాళ్లు రెండో షిఫ్టువాళ్లకు రోగుల సంగతులన్నీ అప్పజెబుతుంటారు. మధ్యలో మనం మాట కలిపితే ఎవరి ఇంజెక్షన్ సంగతో దాటిపోవచ్చు.

ఆ మనిషి దక్కకపోయినా ఉత్తరం రాయవచ్చు. పెద్దకర్మ అయ్యాక, మనసు కుదుటపడ్డాక రాసినా ఆలస్యమేమీ కాదు. చివరి రోజుల్లో నోరు తడిపిన సిస్టర్‌కి ఆ కుటుంబం మళ్లీ కనిపించదు కాబట్టి, తన పని వాళ్లకు గుర్తుందని తెలిసే దారి అదొక్కటే.

డాక్టరు విషయంలో ఇంకో సంగతి. ఆపరేషన్ చేసిన సర్జన్, రోగి పడుకుని ఉండగానే ఎక్కువగా చూస్తారు. రివ్యూ తేదీ తప్పకుండా, ఎక్స్‌రేలు పట్టుకుని, పెద్దాయన్ని వాకర్‌తో నడిపించుకుంటూ ఓపీకి తీసుకెళ్లండి. టోకెన్ వరసలోనే వెళ్లండి, ‘థాంక్స్ చెప్పడానికే’ అంటూ మధ్యలో దూరకండి.