గంట మాటలు, రెండు పేజీల వ్యాసం

మట్టి పరీక్షపై ఒక శాస్త్రవేత్త గంటసేపు మాట్లాడిన వెబినార్‌ను వ్యాసంగా మార్చాలనుకుందాం. మాటల ప్రతిని మొదటి వాక్యం నుంచి దిద్దుకుంటూ పోతే పని చెడుతుంది. ముందు అంతా చదివి, రైతుకు అందాల్సిన విషయాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవాలి: ‘మట్టి నమూనా సరిగా తీయకపోతే పరీక్ష ఫలితమూ తప్పుతుంది.’ దీనికి సంబంధం లేనిది ఎంత బాగున్నా పక్కన పెట్టాల్సిందే.

తర్వాత ప్రశ్నోత్తరాలు చూడండి. అసలు సరుకు తరచూ అక్కడే దొరుకుతుంది. 12వ నిమిషంలో ఆయన ‘15 సెంటీమీటర్ల లోతు తవ్వండి’ అన్నారు. 50వ నిమిషంలో ఒక రైతు అడిగితే, అది వరి లాంటి పైర్లకేనని, పండ్ల తోటలకు ఇంకా లోతుకు వెళ్లాలని చెప్పారు. ఈ రెండు మాటలూ ‘ఎంత లోతు తవ్వాలి?’ అనే ఒకే శీర్షిక కిందికి రావాలి. విడిగా వదిలేస్తే తోట రైతు పైమట్టి తీసుకెళ్తాడు.

‘అంటే’, ‘వినిపిస్తోందా’ లాంటివి తీసేయడం తేలికే. ‘సాధారణంగా’, ‘బహుశా’ దగ్గరే ఆగాలి. అవీ ఊతపదాల్లాగే కనిపిస్తాయి గానీ, తీసేస్తే సలహా కాస్తా ఖాయమైన మాటైపోతుంది. అంకెలను మాత్రం రికార్డింగ్ విని సరిచూసుకోండి. అచ్చుకు పంపేముందు వ్యాసాన్ని ఆ శాస్త్రవేత్తకు ఒకసారి చూపించండి.