రాసిచ్చిన ఇల్లు తిరిగి తల్లిదండ్రులకు

గిఫ్ట్ డీడ్ రిజిస్టరై పిల్లల చేతికి వెళ్లాక, తల్లిదండ్రులు ఒక్కరే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి దాన్ని రద్దు చేయించుకోవడం సాధారణంగా కుదరదు. రద్దు పత్రంపై పుచ్చుకున్నవారి సంతకం కూడా కావాలి. చూడకుండా వదిలేసిన కొడుకో కూతురో ఆ సంతకం ఎందుకు పెడతారు? ఈ చిక్కుకు దారి చూపింది 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్.

అరవై ఏళ్లు నిండినవారు తమ కనీస అవసరాలు చూడాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవారు ఆ మాట తప్పితే, ఆ బదిలీ మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టే చట్టం భావిస్తుంది. రాసిచ్చినవారు కోరితే ట్రైబ్యునల్ అది చెల్లదని ప్రకటించవచ్చు. చట్టం అమల్లోకి రాకముందు రాసిచ్చిన ఆస్తికి మాత్రం ఈ సెక్షన్ వర్తించదు.

అసలు పేచీ అంతా షరతు దగ్గరే. మన దగ్గర చాలా దస్తావేజుల్లో 'ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను' అని మాత్రమే ఉంటుంది. చూసుకుంటానన్న మాట ఇంట్లో నోటిమాటగానే మిగిలిపోతుంది. షరతు ఉందని చెప్పి, రుజువు చేయకపోతే 23వ సెక్షన్ కింద రద్దు చేయలేమని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది.

మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌కు చెందిన ఒక తల్లిని కాపాడింది రాతే. ఆమె 1968లో కొనుక్కున్న ఆస్తిని 2019లో కొడుకుకు గిఫ్ట్ డీడ్ చేసింది. చివరిదాకా చూసుకుంటానని, చూడకపోతే ఆమె ఆస్తి వెనక్కి తీసుకోవచ్చని కొడుకు విడిగా ఒక వాగ్దాన పత్రం రాశాడు. తర్వాత పోషణ లేదని, వేధింపులు మొదలయ్యాయని ఆమె ఫిర్యాదు చేసింది. ఆ పత్రం నకిలీదని కొడుకు వాదించాడు. కింది అధికారులు, హైకోర్టు సింగిల్ జడ్జి ఆమె పక్షాన నిలిచినా డివిజన్ బెంచ్ తిప్పికొట్టింది. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఆ రెండు పత్రాలనూ కలిపి చదివి గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేసింది. ఇల్లు ఖాళీ చేయించి స్వాధీనం అప్పగించే అధికారం కూడా ట్రైబ్యునల్‌కు ఉందని చెప్పింది. ఈ మాట లేకపోతే చేతికి కాగితం వచ్చినా తలుపు తెరుచుకోదు.

తెలుగు రాష్ట్రాల్లో ఫిర్యాదు ఇవ్వాల్సింది ఆర్డీవో దగ్గరున్న ట్రైబ్యునల్‌లో. గిఫ్ట్ డీడ్ నకలు, వయసు రుజువు, షరతు ఉన్న కాగితం జతచేసి, పోషణ ఎప్పటి నుంచి ఆగిపోయిందో, మందులకూ తిండికీ ఎవరి మీద ఆధారపడాల్సి వస్తోందో అర్జీలో రాయాలి. షరతు సంగతి అర్జీలో స్పష్టంగా లేకపోతే, తర్వాత అప్పీల్‌లో దానికి బలం తగ్గుతుంది. ఉత్తర్వు నచ్చని తల్లిదండ్రులు అరవై రోజుల్లోగా జిల్లా అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. గెలిచాక ఉత్తర్వు ప్రతిని సబ్ రిజిస్ట్రార్‌కు ఇచ్చి, ఈసీలో రద్దు కనిపించేలా చూసుకోవాలి. లేకుంటే కొనడానికి వచ్చేవారికి పాత గిఫ్ట్ డీడే కనిపిస్తుంది.